నిమ్ము తగ్గాక మందు ఎప్పుడు ఆపాలి?

న్యుమోనియాకు యాంటీబయాటిక్ మొదలుపెట్టే విషయంలో వైద్యులకు పెద్దగా సందేహాలుండవు. జ్వరం, ఆయాసం, ఎక్స్‌రేలో నిమ్ము కనబడితే కొద్ది గంటల్లోనే మొదటి ఇంజెక్షన్ పడుతుంది. చిక్కంతా ఆపడం దగ్గరే. వారం రోజులు చాలా? పది రోజులు వాడాలా? ఎందుకైనా మంచిదని రెండు వారాలు రాద్దామా? చాలాకాలం ఈ లెక్క రోగి ఒంటిని చూసి కాకుండా అలవాటును బట్టి నడిచింది.

ఆ అలవాటు ఎంత బలమైనదో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగిన ఒక పరిశీలన చూపించింది. 43 ఆసుపత్రుల్లో న్యుమోనియాకు చికిత్స పొందిన ఆరు వేలకు పైగా రోగుల రికార్డులు చదివి, 2019లో ఫలితాలు ప్రచురించారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అవసరాన్ని మించి యాంటీబయాటిక్ అందింది. ఆ అదనపు రోజుల్లో నూటికి తొంభైకి పైగా ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి చీటీ మీద రాసినవే. అలా ఎక్కువ రోజులు వాడినందువల్ల మరణాలు తగ్గలేదు, మళ్ళీ ఆసుపత్రిలో చేరాల్సిన అవసరమూ తగ్గలేదు. తగ్గకపోగా, ఒక్కో అదనపు రోజుకీ విరేచనాల వంటి ఇబ్బందులు వచ్చే అవకాశం సుమారు 5 శాతం చొప్పున పెరిగింది.

మందు ఆపే రోజును తేల్చడానికి ఇప్పుడు రెండు ఆధారాలున్నాయి. ఒకటి మంచం పక్కన నిలబడి చూసే గుర్తులు. రెండోది రక్తంలో ప్రొకాల్సిటోనిన్ అనే పదార్థాన్ని కొలిచే పరీక్ష. ఈ రెండింటిలో ముందు దేన్ని నమ్మాలి, రెండూ చెరో మాట చెబితే ఏం చెయ్యాలి అన్నదే అసలు ప్రశ్న.

మంచం పక్కన చూసే గుర్తులు

రోగి కుదుటపడ్డాడని చెప్పడానికి వైద్యులు ఏడు విషయాలు చూస్తారు. జ్వరం 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకూడదు. నాడి నిమిషానికి 100కి మించకూడదు. ఊపిరి నిమిషానికి 24 సార్లకు మించి తీసుకోకూడదు. బీపీలో పై అంకె 90కి తగ్గకూడదు. ఆక్సిజన్ పెట్టకుండా, మామూలు గాలి పీలుస్తున్నప్పుడు వేలికి తగిలించిన మీటరు 90 లేదా అంతకంటే ఎక్కువ చూపించాలి. మనిషి తేరుకుని, ఎప్పటిలా మాట్లాడాలి. నోటితో అన్నం, మందు తీసుకోగలగాలి.

ఇవి చదవడానికి తేలికగా ఉన్నాయి కానీ, సరిగ్గా కొలవకపోతే ప్రతి ఒక్కటీ మోసం చేస్తుంది. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఊపిరి లెక్కలోనే. చాలా కేస్ షీట్లలో రోగులందరికీ ఒకే అంకె, 20 అని కనిపిస్తుంది. నిజంగా లెక్కపెట్టి రాసింది కాదది. మీ ఊపిరి లెక్కపెడుతున్నామని చెబితే రోగి తెలియకుండానే శ్వాస మార్చేస్తాడు. అందుకే అనుభవమున్న సిస్టర్లు నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, చూపు మాత్రం ఛాతీ మీద ఉంచి, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడతారు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్క ఊపిరి తేడా నాలుగు ఊపిర్ల తేడా అయి కూర్చుంటుంది.

జ్వరం సంగతీ అంతే. ఆరు గంటలకోసారి పారాసిటమాల్ వేస్తూ జ్వరం లేదంటే ఆ మాటకు విలువ లేదు. ఆ మందు ఆపాక కూడా ఒళ్ళు చల్లగా ఉంటేనే జ్వరం నిజంగా తగ్గినట్టు. బీపీకో, గుండెకో నాడి వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారిలో నాడి ఎప్పుడూ నిమ్మళంగానే కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. ఏళ్ళ తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు పాడైన వారికి ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆక్సిజన్ 89 ఉండవచ్చు. వారిని వారి పాత స్థితితో పోల్చి చూడాలి.

ఈ జాబితాలో లేనివి రెండున్నాయి: దగ్గు, ఎక్స్‌రే. ఇంట్లోవాళ్ళను ఎక్కువ భయపెట్టేవి ఆ రెండే. వరద తీసేసినా పొలంలో ఒండ్రు మిగిలినట్టు, సూక్ష్మజీవులు చచ్చిపోయినా వాటితో జరిగిన పోరాటపు మడ్డి ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. దాన్ని శరీరం నెమ్మదిగా శుభ్రం చేసుకోవాలి. అందుకే దగ్గు రెండు మూడు వారాలు సాగుతుంది. ఎక్స్‌రేలో మచ్చ పూర్తిగా పోవడానికి ఆరు వారాలు, వయసు పైబడినవారిలో అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. యాంటీబయాటిక్ చంపగలిగేది సూక్ష్మజీవిని మాత్రమే. మిగిలిపోయిన కళ్ళెను అది తీసెయ్యలేదు.

రక్తం చెప్పే మాట

ప్రొకాల్సిటోనిన్ మన ఒంట్లో ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. మెడలోని థైరాయిడ్ గ్రంథి దాన్ని తయారుచేసి, కత్తిరించి, కాల్సిటోనిన్ అనే హార్మోనుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. కాబట్టి ఆరోగ్యవంతుల రక్తంలో ముడి ప్రొకాల్సిటోనిన్ దాదాపు కనిపించదు. బ్యాక్టీరియా ఒంటిమీద దాడి చేసినప్పుడు మాత్రం కాలేయం, ఊపిరితిత్తులు, కొవ్వు కణాలు కూడా దీన్ని తయారుచెయ్యడం మొదలుపెడతాయి. వాటికి కత్తిరించే సామర్థ్యం లేనందువల్ల అది ముడి రూపంలోనే రక్తంలో చేరుతుంది. వైరస్ జబ్బుల్లో శరీరం విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ ఈ తయారీని అణచివేస్తుంది. బ్యాక్టీరియా జబ్బుల్లో ఈ అంకె బాగా పెరిగి, వైరస్ జబ్బుల్లో అంతగా పెరగకపోవడానికి ఒక కారణం ఇదే. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లలో ఇది పెరుగుతుందని ఫ్రెంచ్ పరిశోధకులు 1993లో లాన్సెట్ పత్రికలో వెల్లడించారు.

మందు ఆపడానికి దీన్ని వాడుకోవడం వెనుక ఒక చక్కటి గుణం ఉంది. బ్యాక్టీరియా అదుపులోకి వచ్చాక కొత్తగా తయారవడం ఆగిపోతుంది. అప్పటికే రక్తంలో ఉన్నది సుమారు రోజుకు సగం చొప్పున తరుగుతుంది. అంటే చికిత్స పని చేస్తుంటే అంకె ఇవాళ ఎనిమిదైతే రేపు నాలుగు, ఎల్లుండి రెండు అన్న దారిలో దిగుతుంది. అసలు రోగుల్లో ఇంత కచ్చితంగా దిగకపోయినా, దిగే తీరు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

రిపోర్టులో దీన్ని ఒక మిల్లీలీటరు రక్తానికి ఇన్ని నానోగ్రాములని రాస్తారు. వార్డులో ఉన్న న్యుమోనియా రోగికి అది 0.25 కంటే తగ్గినా, లేదా తొలి రోజుల్లో చేరుకున్న గరిష్ఠం నుంచి 80 శాతం పడిపోయినా మందు ఆపవచ్చన్నది పరిశోధనల్లో వాడిన నియమం. ఐసీయూలో ఉన్నవారికి 0.5 కంటే తగ్గడం లేదా 80 శాతం పడిపోవడం. ఒక్కసారి చేసిన పరీక్షతో ఈ లెక్క తేలదు. చేరిన రోజున ఒకసారి, తర్వాత రెండు మూడు రోజులకోసారి చెయ్యాలి. మొదటి అంకె లేకుండా ఐదో రోజున 0.9 అని వస్తే అది కొండ దిగుతున్నదో, ఎక్కుతున్నదో చెప్పలేం.

ఒక రోగిని రోజువారీగా చూద్దాం

ఇది వివరించడానికి కల్పించిన ఉదాహరణ. అయినా ఇలాంటి రోగులు ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉంటారు. 58 ఏళ్ళ రైతు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాడు. నాలుగు రోజులుగా చలిజ్వరం, కుడిపక్క డొక్కలో పొడుస్తున్నట్టు నొప్పి, ఇటుక రంగు కళ్ళె. చేరినప్పుడు జ్వరం 102.6, నాడి 118, ఊపిరి 30, బీపీ 108/70, ఆక్సిజన్ 88. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా నిమ్ము. ప్రొకాల్సిటోనిన్ 6.4. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, అజిత్రోమైసిన్ మొదలుపెట్టారు. కళ్ళెను టీబీ పరీక్షకు కూడా పంపారు. మన దగ్గర ఆ ఒక్క పని మానకూడదు.

మూడో రోజు ఉదయం జ్వరం 99.4. నాడి 98, ఊపిరి 24, ఆక్సిజన్ తీసేసి చూస్తే 92. ఇడ్లీ తిన్నాడు. ప్రొకాల్సిటోనిన్ 3.1కి దిగింది. టీబీ పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. సగం దారి దాటాడు కానీ ఆపే సమయం రాలేదు. ఈ రోజు నిజంగా చూడాల్సింది మందు పనిచేస్తోందా లేదా అని. అంకె 6.4 దగ్గరే నిలబడిపోయి ఉంటే, మందు సరైనది కాదనో, ఛాతీలో చీము పట్టిందనో అనుమానించి స్కానింగ్ చేయించాల్సి వచ్చేది.

ఐదో రోజు. రెండు రోజులుగా పారాసిటమాల్ లేకుండానే జ్వరం లేదు. నాడి 86, ఊపిరి 20, ఆక్సిజన్ 95. నడిచి బాత్‌రూమ్‌కి వెళ్ళొస్తున్నాడు. ప్రొకాల్సిటోనిన్ 0.9. ఇప్పుడు లెక్క చూద్దాం. 6.4లో అయిదో వంతు 1.28. అంతకంటే కిందకు వచ్చిందంటే 80 శాతానికి మించి తగ్గినట్టే. 0.25 కంటే తగ్గలేదు కదా అని ఆగనక్కర్లేదు. రెండు షరతుల్లో ఒకటి నెరవేరితే చాలు. గుర్తులన్నీ కుదురుగా ఉన్నాయి, అంకె కూడా అదే చెబుతోంది. యాంటీబయాటిక్ ఆపేశారు.

కొడుక్కి మాత్రం నమ్మకం కలగలేదు. “సార్, నాన్నకి దగ్గు అలాగే ఉంది కదా! ఇంకో వారానికి మాత్రలు రాయండి, ఎందుకైనా మంచిది” అన్నాడు. “దగ్గు ఇంకో రెండు వారాలు ఉంటుంది బాబూ. ఈ మాత్రలకి అది తగ్గదు. పైగా షుగర్ ఉన్న మనిషి, విరేచనాలు పట్టుకుంటే నీరసించిపోతాడు. మళ్ళీ జ్వరం వచ్చినా, ఆయాసం పెరిగినా ఆ రోజే తీసుకురా” అన్నారు డాక్టరు. వ్యాధి మళ్ళీ తిరగబెడితే ఎలా తెలుస్తుందో చెప్పి పంపడం ఆ నిర్ణయంలో భాగమే.

రెండూ చెరో మాట చెబితే

ఆ రైతు కేసులో ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెప్పారు. అన్నిసార్లూ అలా జరగదు. వైద్యుడి నేర్పు తెలిసేది అప్పుడే.

మొదటి సందర్భంలో మనిషి బాగున్నాడు, అంకె మాత్రం దిగడం లేదు. ఇలాంటప్పుడు ముందు కిడ్నీలను చూడాలి. డయాలసిస్ మీద ఉన్నవారిలో ఏ ఇన్‌ఫెక్షన్ లేకుండానే ఇది కొంత ఎక్కువగా ఉంటుంది, తరగడమూ నెమ్మదిస్తుంది. పెద్ద ఆపరేషన్, కాలిన గాయాలు, తీవ్రమైన షాక్, మలేరియా కూడా దీన్ని పెంచుతాయి. ఇలాంటి కారణం దొరికి, ఏడు గుర్తులూ కుదురుగా ఉంటే అంకె కోసం మందు పొడిగించకూడదు. ఈ పరీక్ష మందు ఆపడానికి ధైర్యమిచ్చేది. కోలుకున్న మనిషికి మందు కొనసాగించమని ఆజ్ఞాపించే అధికారం దానికి లేదు. ఐసీయూలో ప్రొకాల్సిటోనిన్ పెరిగిందని యాంటీబయాటిక్‌లు పెంచుతూ పోయిన డెన్మార్క్ పరిశోధనలో మరణాలు తగ్గలేదు, మందుల వాడకం మాత్రం పెరిగింది.

రెండో సందర్భం దీనికి తిరగబడ్డది, ఎక్కువ ప్రమాదకరమైనదీ. అంకె తక్కువగా ఉంది, మనిషి మాత్రం తేరుకోవడం లేదు. ఇక్కడ అంకె చూసి మందు ఆపి ఇంటికి పంపితే పెద్ద పొరపాటు. ఛాతీలో ఒకచోట గడ్డలా మూసుకున్న చీము రక్తంలో అంకెను పెద్దగా పెంచకపోవచ్చు. మైకోప్లాస్మా వంటి కొన్ని క్రిములు దీన్ని అంతగా పెంచవు. అన్నిటికంటే ముఖ్యంగా, టీబీలో ప్రొకాల్సిటోనిన్ చాలాసార్లు తక్కువగానే ఉంటుంది. న్యుమోనియా అనుకుని లీవోఫ్లాక్సాసిన్ ఇస్తే టీబీ కొన్నాళ్ళు తగ్గినట్టు కనిపించి, పరీక్షకు దొరక్కుండా దాక్కుంటుంది. కాబట్టి ఈ సందర్భంలో అడగాల్సింది ఇది అసలు మామూలు న్యుమోనియాయేనా అని. గుండె వైఫల్యంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, రక్తపు గడ్డ ఊపిరితిత్తిలో ఇరుక్కోవడం, క్యాన్సర్ కూడా ఎక్స్‌రేలో నిమ్ములాగే కనిపిస్తాయి.

కొందరికి ఈ ఐదు రోజుల లెక్క మొదటి నుంచీ వర్తించదు. ఊపిరితిత్తిలో చీముగడ్డ, ఛాతీలో చీము, రక్తంలో స్టెఫైలోకాకస్ దొరికినవారు, క్యాన్సర్ చికిత్సతో రోగనిరోధకశక్తి బాగా పడిపోయినవారు ఆ కోవలోకి వస్తారు. వానాకాలంలో మట్టిలో, బురదలో పనిచేసే షుగర్ రోగులకు వచ్చే మెలియాయిడోసిస్ కూడా అలాంటిదే. దానికి కనీసం పది నుంచి పద్నాలుగు రోజులు ఇంజెక్షన్లు, ఆపైన సుమారు మూడు నెలలు మాత్రలు వాడాలి. కల్చర్ రిపోర్టు చూడకుండా ఐదో రోజున ఆపకూడదనడానికి ఇదొక కారణం.

పరీక్ష లేకపోతే ఆపలేమా?

ఈ పరీక్ష ధర వెయ్యి రూపాయలకు పైమాటే. రెండు మూడుసార్లు చెయ్యాలి. చిన్న ఊళ్ళలో రిపోర్టు రావడానికే ఒక రోజు పడుతుంది. అందుకే ఇది ఎక్కడ పనికొస్తుందో తెలుసుకోవాలి. పరిశోధనలను వరుసగా చూస్తే జవాబు దొరుకుతుంది.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో 302 మంది న్యుమోనియా రోగులపై చేసిన పరిశోధన 2006లో వెలువడింది. మామూలు పద్ధతిలో మధ్యస్థంగా 12 రోజులు సాగిన యాంటీబయాటిక్, ప్రొకాల్సిటోనిన్‌ను బట్టి నడిపితే 5 రోజులకు తగ్గింది. కోలుకోవడంలో తేడా రాలేదు. నెదర్లాండ్స్ ఐసీయూల్లో 1,500 మందికి పైగా రోగులపై చేసిన పరిశోధన 2016లో వచ్చింది. అక్కడ మందు 7 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది. మరణాలు పెరగలేదు సరికదా, 28 రోజుల్లో 25 శాతం నుంచి 20 శాతానికి తగ్గాయి. 2018లో అమెరికాలోని 14 ఆసుపత్రుల్లో 1,656 మందిపై జరిగిన పరిశోధనలో మాత్రం ఏ తేడా కనిపించలేదు. రెండు జట్లలోనూ మందు వాడింది నాలుగు రోజుల పైచిలుకే.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే విషయం తేటతెల్లమవుతుంది. పన్నెండు రోజులు వాడే అలవాటున్నచోట పరీక్ష చాలా ఆదా చేసింది. వైద్యులు అప్పటికే తక్కువ రోజులు వాడుతున్నచోట దానికి చెయ్యడానికి పని మిగల్లేదు. 2016లోనే స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో నాలుగు ఆసుపత్రుల వైద్యులు ఏ ఖరీదైన పరీక్షా లేకుండా 312 మందికి ఒక నియమం పెట్టి చూశారు. కనీసం 5 రోజులు మందు ఇచ్చాక, 48 గంటలుగా జ్వరం లేకుండా, మిగతా గుర్తుల్లో ఒకటికి మించి తప్పకుండా ఉంటే ఆపెయ్యాలి. మధ్యస్థంగా పది రోజుల మందు ఐదు రోజులకు దిగింది, రోగులు అంతే బాగా కోలుకున్నారు. ఫ్రాన్స్‌లో 2021లో ప్రచురితమైన మరో పరిశోధన, మూడో రోజుకే పూర్తిగా కుదుటపడిన, ఐసీయూ అవసరం రాని వారికి మూడు రోజుల మందు కూడా సరిపోవచ్చని చూపింది.

కాబట్టి మన వార్డుల్లో పునాది మంచం పక్కన చూసే గుర్తులే. థర్మామీటరు, సెకన్ల ముల్లున్న గడియారం, బీపీ మిషను, వేలికి పెట్టే మీటరు ఉన్న ప్రతిచోటా న్యుమోనియా రోగికి సరైన రోజున మందు ఆపవచ్చు. అమెరికా వైద్య సంఘాలు 2019లో ఇచ్చిన మార్గదర్శకాలూ రోగి కుదుటపడటాన్నే కొలమానంగా పెట్టి, 5 రోజుల కంటే తక్కువ కాకుండా చూడమన్నాయి. ప్రొకాల్సిటోనిన్‌కు డబ్బు పెట్టాల్సింది గుర్తులు మసకబారినచోట. ఐసీయూలో మత్తులో, వెంటిలేటర్ మీద ఉన్న రోగి మాట్లాడడు, అన్నం తినడు, అతని నాడీ బీపీ మందులతో నడుస్తుంటాయి. పాత ఆయాసం జబ్బున్న మనిషిలో ఏ ఆయాసం కొత్తదో తెలియదు. అలాంటి చోట దిగుతున్న అంకె చికిత్స సాగుతున్న దారిని చూపిస్తుంది.

ఇంట్లో ఒకరికి నిమ్ము చేసి ఆసుపత్రిలో ఉంటే, మందు మీ అంతట మీరు ఆపకండి. రెండో రోజు జ్వరం తగ్గిందని మాత్రలు మానేస్తే ప్రమాదం, ఎందుకంటే ఈ లెక్కంతా కుదుటపడిన తర్వాత మొదలయ్యేది. కానీ ఐదో రోజు దాటాక, డిశ్చార్జి చీటీ చేతికి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. “జ్వరం, నాడి, ఊపిరి, ఆక్సిజన్ ఎన్ని రోజులుగా కుదురుగా ఉన్నాయండీ?” అని ఒకటి. “ఈ యాంటీబయాటిక్ ఇంకా ఎన్ని రోజులు, దేనికోసం?” అని రెండోది. దగ్గు ఇంకా ఉందన్నది ఆ రెండో ప్రశ్నకు జవాబు కాదు. ఛాతీలో చీము ఉందనో, కల్చర్‌లో మొండి క్రిమి వచ్చిందనో, మనిషి ఇంకా కుదుటపడలేదనో చెబితే ఆ మందు పూర్తిగా వాడండి. అలాంటి కారణమేదీ లేకపోతే, ఇక ఆపవచ్చా అని డాక్టరునే నేరుగా అడగండి. ఆపిన తర్వాత వారం రోజులు రోజుకు రెండుసార్లు జ్వరం చూడండి. పొగ అలవాటున్నవారు, యాభై దాటినవారు ఆరు వారాల తర్వాత మరోసారి ఎక్స్‌రే తీయించుకోండి. అప్పటికీ మచ్చ పోకపోతే, మరో యాంటీబయాటిక్ కోర్సు కంటే ముందు ఆ మచ్చ ఏమిటో తేల్చే పరీక్ష జరగాలి.